పనసపండు, మైక్రోఫోను, తెల్ల ఎలుక

1976లో రచయిత జెరాల్డ్ డరెల్ మారిషస్ నుంచి రోడ్రిగ్స్ అనే చిన్న దీవికి వెళ్తూ వెంట ఒక పనసపండు పట్టుకెళ్లాడు. అదీ బాగా మగ్గిన పండు. ఇంట్లో ఒక మూల పనసపండు మగ్గుతుంటే వీధి గుమ్మం దాకా ఎలా తెలిసిపోతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పండుతో ఆయన విమానంలో ప్రయాణం చేశాడు, హోటల్లో దిగాడు. వెళ్లిన చోటికల్లా ఆ వాసన ఎలా వెంటబడిందో ‘గోల్డెన్ బ్యాట్స్ అండ్ పింక్ పీజియన్స్’ అనే పుస్తకంలో తీరిగ్గా, నవ్విస్తూ చెబుతాడు.

ఆ నవ్వులోనే అసలు సంగతి దాచి పెట్టాడు. పండు ఎందుకు తీసుకెళ్లాడు? రోడ్రిగ్స్‌లో బంగారు రంగు బొచ్చుతో పండ్లు తినే ఒక జాతి గబ్బిలాలున్నాయి. ప్రపంచంలో మరెక్కడా లేవు. పురుగులు తినే చిన్న గబ్బిలాలు చీకట్లో కూత పెట్టి, దాని ప్రతిధ్వనిని బట్టి దారి వెతుక్కుంటాయి. ఈ పెద్ద గబ్బిలాలకు ఆ విద్య లేదు. వాటికున్నవి పెద్ద కళ్లు, గొప్ప ముక్కు. పండు ఎక్కడుందో వాటికి వాసన చెబుతుంది. కాబట్టి వాటిని వల దగ్గరికి రప్పించాలంటే దీవిలో ఉన్న మిగతా పండ్లన్నిటినీ మించి వాసన కొట్టే పండు కావాలి. పనసను మించింది ఏముంది?

ఇదే సమాచారాన్ని జంతుశాస్త్ర పుస్తకం ఒక్క వాక్యంలో చెబుతుంది: ఈ జాతి ఆహారాన్ని ప్రధానంగా వాసన, చూపుల ద్వారా గుర్తిస్తుంది. అది చదివి పేజీ తిప్పగానే మర్చిపోతాం. డరెల్ మాత్రం ముందు మన ముక్కుకు పని పెట్టి, ఆ తరువాత గబ్బిలం ముక్కు దగ్గరికి తీసుకెళ్తాడు. పుస్తకం మూసిన ఏడాదికి కూడా ఆ జంతువు ఎలా బతుకుతుందో గుర్తుంటుంది. ఆయన పనితనంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. జంతువుల మీద ప్రేమ ఉండీ పట్టికలు, శాతాలు కనబడగానే పుస్తకం పక్కన పెట్టేసే పాఠకులు మనలో చాలామంది. అలాంటివాళ్ల చేతిలో నేను ముందుగా పెట్టేది ఈ పుస్తకమే.

గబ్బిలం ముక్కు సంగతి తెలిశాక దాని కష్టం తనంతట తానే అర్థమవుతుంది. రోడ్రిగ్స్ ఒకప్పుడు దట్టమైన అడవి. వంటచెరకు కోసం, సాగు కోసం, మేకల మేత కోసం చాలావరకు పోయింది. మిగిలిన కొద్దిపాటి చెట్ల గుంపుల్లోనే ఈ గబ్బిలాలు పగలు తలకిందులుగా వేలాడాలి, రాత్రి తిండి వెతుక్కోవాలి. దీవి చుట్టూ ఉన్న సముద్రంలో తుపాన్లు తరచూ వస్తాయి. అడవి దట్టంగా ఉన్న రోజుల్లో గబ్బిలం లోయలోని పెద్ద చెట్ల మాటున తల దాచుకునేది. ఇప్పుడు గాలి వాటిని సముద్రం మీదికి ఎత్తుకుపోవచ్చు. గాలికి నిలిచినవాటికి మర్నాడు చెట్టు మీద ఒక్క పండూ ఉండదు. ఈ కథంతా అయ్యాక, అప్పుడు మిగిలినవి వంద చిల్లర మాత్రమేనని తెలుస్తుంది. అక్కడికొచ్చేసరికి అది అంకెలా అనిపించదు. ఇంకొక్క తుపాను వస్తే ఏమిటన్న భయం పట్టుకుంటుంది. ఆ అంకెను అధ్యాయం మొదట్లోనే పెట్టి ఉంటే మనకు ఏమీ అనిపించేది కాదు.

ఈ పుస్తకం మన పాఠకులకు ఇంకో రకంగానూ దగ్గర. మారిషస్ మనకు కొత్త దేశం కాదు. 19వ శతాబ్దంలో కోరంగి రేవు వైపు నుంచి ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి అక్కడ ఇంకా ఉంది, ఉగాదికి దేశమంతా సెలవు. డరెల్ కూడా పుట్టింది మన దేశంలోనే, 1925లో జంషెడ్‌పూర్‌లో. ఇంగ్లిష్ కాలువలోని జెర్సీ దీవిలో 1959లో జూ పెట్టాడు. మనుషులకు చూపించడానికి కాదు, అంతరించిపోతున్న జాతులను పెంచి మళ్లీ వాటి చోటికి పంపడానికి. మారిషస్ వెళ్లింది కూడా అందుకే.

పుస్తకం పేరులోని రెండో జీవి గులాబీ పావురం. దాన్ని పట్టే అధ్యాయంలో నిజానికి చాలాసేపు ఏమీ జరగదు. సాయంత్రం వేళ మనుషులు తలా ఒక చెట్టెక్కి కూర్చుంటారు. పావురం రాత్రి ఏ కొమ్మ మీద వాలుతుందో కనిపెట్టాలి. చీకటి పడ్డాక టార్చి లైటు, వల పట్టుకుని ఆ చెట్టు దగ్గరికి వెళ్లి పట్టాలి. వాన పడుతుంది, పావురం రాదు, వచ్చినా చేతికి చిక్కని చోట వాలుతుంది. రచయిత ఈ ఎదురుచూపును దాటవేయడు. అడవిలో పనిచేసేవాళ్ల రోజులో ఎక్కువ భాగం అదే కాబట్టి మనల్నీ ఆ కొమ్మ మీద కూర్చోబెడతాడు. అలా కూర్చున్నప్పుడు చుట్టూ చూస్తే ఇంకొకటి తెలుస్తుంది. ఆ పావురాలు గూళ్లు కట్టుకుంటున్నది వాటి సొంత అడవి చెట్ల మీద కాదు, జపాన్ నుంచి తెచ్చి నాటిన క్రిప్టోమీరియా చెట్ల మీద. సొంత అడవి మిగిలి ఉంటే పరాయి చెట్టు మీద గూడు కట్టాల్సిన గతి ఎందుకు పడుతుంది? ఓడల్లో వచ్చిన ఎలుకలు, కోతులు ఆ గూళ్లలోని గుడ్లు తినేస్తాయి.

నిజమైన అడవి కథను ఎలా గుర్తుపట్టాలని ఎవరైనా అడిగితే నేను ఇలాంటి అధ్యాయాలనే చూపిస్తాను. మొదటి రోజే వల నిండితే అనుమానించాలి. జంతువు మనిషిలా ఆలోచించి కృతజ్ఞత చూపిస్తే ఇంకా ఎక్కువ అనుమానించాలి. నిజంగా అక్కడ గడిపినవాడి కథలో పనిముట్టు ఉంటుంది, అది పాడైపోవడం ఉంటుంది, ఎదురుచూపు ఉంటుంది. దారి తెలిసిన స్థానికుడు ఒకడు తప్పకుండా ఉంటాడు.

ఇలాంటి కథే చెప్పిన ఇంకో రచయిత డగ్లస్ ఆడమ్స్ అసలు జంతుశాస్త్రవేత్తే కాదు. అంతరిక్షం మీద హాస్య నవలలు రాసి పేరు తెచ్చుకున్నవాడు. మార్క్ కార్వర్డైన్ అనే జంతుశాస్త్రవేత్త తోడుగా అంతరిస్తున్న జీవులను వెతుక్కుంటూ తిరిగాడు. ఆ ప్రయాణం ముందు బీబీసీ రేడియోలో వచ్చింది, 1990లో ‘లాస్ట్ ఛాన్స్ టు సీ’ పేరుతో పుస్తకమైంది. అందులో చైనా అధ్యాయం కోసమైనా ఆ పుస్తకం చదవాలి.

యాంగ్జీ నదిలో బైజీ అనే డాల్ఫిన్ ఉండేది. ఆ నీళ్లు బురద రంగులో ఉంటాయి, చేయి పెడితే చేయి కనబడదు. అలాంటి నీళ్లలో తరతరాలుగా బతకడం వల్ల ఆ డాల్ఫిన్ కళ్లు చిన్నవై దాదాపు పనికిరాకుండా పోయాయి. ఆ కొరత చెవి తీరుస్తుంది. డాల్ఫిన్ శబ్దం పంపుతుంది, అది చేపకో రాయికో తగిలి వెనక్కి వస్తుంది, దాన్ని బట్టి ఎదురుగా ఏముందో తెలుసుకుంటుంది. ఆ నదిలోనే పగలూ రాత్రీ మోటారు పడవలు, సరుకు ఓడలు తిరుగుతుంటాయి. నీళ్ల కింద ఆ డాల్ఫిన్‌కు ఏం వినిపిస్తోంది? ఆడమ్స్‌కు ఈ ప్రశ్న పట్టుకుంది. రేడియో కోసం వచ్చారు కాబట్టి చేతిలో మైక్రోఫోను ఉంది, కానీ అది నీళ్లలో ముంచేది కాదు. దానికి తొడగడానికి నీరు చొరని పల్చటి తొడుగు కావాలి. కండోమ్ అయితే సరిపోతుందనుకున్నారు. భాష రాని షాంఘైలో వాటిని కొనడానికి ఈ ఇంగ్లిష్‌వాళ్లు సైగలతో పడ్డ అవస్థను ఆయన పేజీల కొద్దీ రాశాడు. నవ్వాపుకోలేం.

ఆ తరువాత మైక్రోఫోనుకు అది తొడిగి నదిలోకి దించారు. ఒక్కో పడవ మోత విడివిడిగా వినిపిస్తుందని ఆడమ్స్ అనుకున్నాడు. వినిపించింది మాత్రం విడదీయలేని ఒకే హోరు. నీళ్లలో శబ్దం గాలిలో కంటే చాలా వేగంగా, చాలా దూరం పోతుంది. దగ్గర పడవ మోత, దూరపు పడవ మోత అన్నీ కలిసిపోయాయి. అప్పటిదాకా నవ్విన పాఠకుడికి నవ్వు ఆగిపోతుంది. కళ్లు లేని ప్రాణి చెవుల్లో ఎవరో నిరంతరం ఇంజను నడుపుతున్నారు. పడవ ఎటు నుంచి వస్తోందో దానికి తెలిసే వీలు లేదు, అందుకే ఇంజను రెక్కలు తగిలి చచ్చిపోతోంది. నదీ కాలుష్యం మీద ఎన్ని నివేదికలు వచ్చి ఉంటాయో. శబ్దం కూడా కాలుష్యమేనని నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఆ మైక్రోఫోను దగ్గరే.

డరెల్ పనసపండు, ఆడమ్స్ మైక్రోఫోను ఒకే పని చేస్తున్నాయి. జంతువు లోకాన్ని ఏ ఇంద్రియంతో తెలుసుకుంటుందో ముందు కనిపెట్టి, మన చేతికి అందే ఒక వస్తువు ద్వారా అక్కడికి దారి వేయడం ఈ రాత రహస్యం. దీనికి భాష మీద పట్టు ఒక్కటే చాలదు. జంతువు గురించి నిజంగా తెలిసి ఉండాలి, లేదా తెలిసినవాడు పక్కన ఉండాలి. ఆడమ్స్ పక్కన కార్వర్డైన్ ఉన్నది అందుకే. హాస్యం కూడా అలంకారం కోసం పెట్టింది కాదు. భయంకరమైన విషయం వినడానికి సిద్ధంగా లేని మనిషిని నవ్విస్తూ దాని ముందుకు తీసుకొస్తారు.

ఈ రెండు పుస్తకాలూ మారిషస్‌లో ఒకచోట కలుస్తాయి. అక్కడ ఒక చిన్న డేగ ఉంది, ఇంగ్లిష్‌లో కెస్ట్రెల్ అంటారు. 1974లో దీవి మొత్తం మీద తెలిసినవి నాలుగే నాలుగు. మలేరియా దోమల కోసం చల్లిన డీడీటీ ఒక కారణం, అడవి పోవడం ఇంకొకటి, చెట్టు తొర్రల్లోని గుడ్లను కోతులు తినేయడం మూడోది. 1979లో కార్ల్ జోన్స్ అనే వేల్స్ దేశపు యువకుడు అక్కడికి వచ్చాడు. ఆయన చేసిన పనిని ఆడమ్స్ పుస్తకం ద్వారా తెలుసుకోవడం చాలా తేలిక.

ఈ డేగ గుడ్లు పెట్టాక అవి పోతే మళ్లీ పెడుతుంది. జోన్స్ ఆ గుణాన్ని వాడుకున్నాడు. మొదట పెట్టిన గుడ్లను జాగ్రత్తగా తీసుకెళ్లి ఇంక్యుబేటర్లో పొదిగించేవాడు. తల్లి రెండోసారి గుడ్లు పెట్టి వాటిని తానే పొదిగేది. ఒక ఏడాదిలో ఒక జంట నుంచి రెండు కాన్పులన్నమాట. కానీ రెండుసార్లు గుడ్లు పెట్టాలంటే తల్లికి ఒంట్లో సత్తువ ఉండాలి, అడవిలో దొరికే బల్లులు ఒక్కటే చాలవు. అందుకని అడవిలోని డేగలకు తెల్ల ఎలుకలు తెచ్చి తినిపించడం మొదలుపెట్టారు. ఆడమ్స్ వెళ్లినప్పుడు చూసింది ఈ దృశ్యమే. మనిషి చచ్చిన ఎలుకను గాలిలోకి విసురుతాడు. చెట్టు మీద కూర్చున్న డేగ దాన్ని చూసి, ఎలుక పైకి లేచి మళ్లీ కిందికి దిగే ఆ వంపులో సరిగ్గా ఎక్కడ కలుసుకోవాలో అంచనా కట్టి, దిగి, గాలిలోనే అందుకుంటుంది. ఒక్క క్షణం పనిని ఆడమ్స్ ఎంత నెమ్మదిగా చూపించాడంటే, ఆ పక్షి మెదడులో జరిగే లెక్క ఎంత కష్టమైనదో మనకు కళ్లకు కడుతుంది. కనీసం ఈ ఒక్కదాన్నయినా పోగొట్టుకోకూడదని అక్కడే అనిపిస్తుంది. సంరక్షణ శాఖల భాషలో దీని పేరు అదనపు ఆహార పథకం.

ఇవాళ ఈ పుస్తకాలు చదివేవాళ్లకు రచయితలకు తెలియని ముగింపులు కూడా తెలుసు. రోడ్రిగ్స్ గబ్బిలాలు కొన్నిటిని డరెల్ బృందం జెర్సీకి, కొన్నిటిని మారిషస్‌లోని పెంపక కేంద్రానికి తీసుకెళ్లింది. దీవిలో చెట్లు మళ్లీ నాటారు. జనం అండగా నిలిచారు. ఇప్పుడు ఆ గబ్బిలాలు 20 వేల దగ్గరికి చేరాయి. డేగలు వందల్లో ఉన్నాయి. పావురం కథ ఇంత సాఫీగా నడవలేదు. డరెల్ వెళ్లొచ్చాక పద్నాలుగేళ్లకు అడవిలో పదింటి దాకా తగ్గిపోయి, తరువాత పెంచి వదిలిన పక్షులతో మళ్లీ పుంజుకుంది. బైజీ లేదు. 2006లో శాస్త్రవేత్తలు ఆరు వారాలు యాంగ్జీ నదిని గాలించినా ఒక్కటీ కనబడలేదు. ఆడమ్స్ ఆఫ్రికాలో ఉత్తర తెల్ల ఖడ్గమృగాలను చూశాడు; ఆ జాతిలో చివరి మగది 2018లో చనిపోయింది, ఇప్పుడు మిగిలినవి రెండు ఆడవే. ఇది మనసులో పెట్టుకుని చదివితే నవ్వించే పేజీలు కూడా వేరుగా ధ్వనిస్తాయి.

డరెల్ పుస్తకంలోని రౌండ్ ఐలాండ్ అధ్యాయం గురించి కొంచెం చెప్పి తీరాలి. మారిషస్‌కు ఉత్తరాన ఉన్న చిన్న దిబ్బ అది. 19వ శతాబ్దంలో అక్కడ వదిలిన మేకలు, కుందేళ్లు మొలిచిన ప్రతి మొక్కనూ మొలిచినట్టే తినేశాయి. ముసలి తాటిజాతి చెట్లు నిలబడి ఉంటాయి, వాటి కింద ఒక్క పిల్ల మొక్క ఉండదు. వేళ్ల పట్టు లేక మట్టి వానకు సముద్రంలోకి కొట్టుకుపోతుంది. మరెక్కడా లేని బల్లులు, పాములు ఆ రాళ్ల మధ్య బతుకుతున్నాయి. అడవి పచ్చగా కనిపిస్తున్నా చచ్చిపోతోందని ఎలా తెలుస్తుందంటే, పిల్ల చెట్ల కోసం చూడాలి. ఈ కిటుకు తెలిశాక నేను మన గుట్టల మీది అడవిని కూడా అలాగే చూస్తున్నాను. 1979లో మేకలను, 1986లో కుందేళ్లను పూర్తిగా తీసేశాక రౌండ్ ఐలాండ్‌లో మొక్కలు మళ్లీ లేచాయి.

ఈ పుస్తకాల్లో లోపాలు లేకపోలేదు. డరెల్ హాస్యం పాతకాలపు ఇంగ్లిష్ హాస్యం, దీవుల్లోని సామాన్య జనం ఆయన పేజీల్లో ఉండాల్సినంత నిండుగా ఉండరు. అడవి జంతువును పట్టి దూరదేశపు బోనులో పెట్టడం సరైనదేనా అన్న ప్రశ్నకు ఆయన దగ్గర జవాబుంది కానీ అవతలివాళ్ల వాదన వినిపించడు. ఆడమ్స్ పుస్తకం ఒక జీవి నుంచి ఇంకో జీవికి పరుగు తీస్తుంది. కొన్ని చోట్ల విమానాశ్రయం గుమాస్తాలకు దక్కినంత చోటు జంతువుకు దక్కదు. లోతు కావాలంటే డరెల్, చురుకు కావాలంటే ఆడమ్స్. ముందు డరెల్ చదివి, ఆ తరువాత ఆడమ్స్ పుస్తకంలోని చైనా, మారిషస్ అధ్యాయాలు చదవమని నా సలహా.

ఇంత రాస్తున్నప్పుడు మనసు కడప వైపు పోతోంది. కలివికోడి కథ మన దగ్గరే జరిగింది. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అనుకున్న ఆ పక్షి 1986లో సిద్ధవటం దగ్గరి పొదల్లో మళ్లీ దొరికింది. వెతికింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు. రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చింది మాత్రం పక్షులు పట్టడంలో చేయి తిరిగిన స్థానికుడు. ఆ పక్షి కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అది రాత్రి తిరిగే పక్షి, కంటపడదు. అందుకని తరువాత వచ్చిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక దాని మీద పడ్డ అడుగుల గుర్తులు చూసి పక్షి జాడ పట్టేవాళ్లు. మట్టి మీద మూడు వేళ్ల గుర్తు కోసం వంగి చూస్తున్న మనిషి కంటే మంచి ప్రారంభం ఏ పుస్తకానికి కావాలి? పరిశోధన పత్రాల్లో ఈ వివరాలన్నీ ఉన్నాయి. ఆ పొదల్లో రాత్రిళ్లు తిరిగిన వాచర్లు, పశువుల కాపరులు, పక్షులు పట్టినవాళ్లు కొందరు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు. కడప, నల్లమల ప్రాంతాల్లో రాయగలిగిన చేయి ఉన్నవాళ్లు వాళ్ల దగ్గర కూర్చుని, అడిగి, తెలుగులో రాయండి. అంకెలను చివర్లో ఒక పేజీకి సర్దేయండి.